రెండుసార్లు లోపలికి వచ్చిన బస్తా

(నెల్లూరులో గోదాము ఉద్యోగులు, లెక్కల గుమస్తాలు, కామర్సు విద్యార్థులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నిల్వ లెక్కల్లో వచ్చే తేడాల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, నియమాలు ఒక్కొక్కటిగా వల్లించడం కన్నా ఒక కథ చెప్పడమే మేలనిపించింది. ఇందులోని మనుషులు కల్పితం, గోదామూ కల్పితమే. అంకెలు మాత్రం ఎవరైనా కాగితం మీద వేసి సరిచూసుకునేలా పెట్టాను. మీలో చాలామంది చేతిలో పెన్నూ పుస్తకమూ ఉన్నాయి కనుక, అంకెలు వచ్చిన చోట రాసుకుంటూ వినండి.

కోవూరు దాటాక జాతీయ రహదారి పక్కన రొయ్యల మేత నిల్వచేసే ఒక గోదాము ఉందనుకోండి. మన దేశంలో 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చిన తరువాత విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు గుంటలు ఎలా పెరిగాయో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. ఆ గుంటలకు వెళ్ళే మేత పాతిక కిలోల బస్తాల్లో వస్తుంది. రొయ్య పెరిగేకొద్దీ పలుకు పెద్దదవుతుంది కనుక బస్తాల మీద ఒకటి, రెండు, మూడు అని నంబర్లుంటాయి. తెల్లవారి మొదటి మేత వేసే వేళకు బస్తాలు గట్టు మీద ఉండాలంటే లారీలు రాత్రే బయలుదేరాలి. అందుచేత ఆ గోదాముకు పగటికన్నా రాత్రే పని ఎక్కువ.

రాత్రి సూపర్‌వైజరు పేరు మాల్యాద్రి, కందుకూరు వైపు మనిషి. ఎత్తుదింపుళ్ళు చేసే ముఠాకు మేస్త్రీ పెంచలయ్య. పగలు లెక్కలు చూసే అమ్మాయి శ్రావణి. రాత్రి ఎనిమిదింటికి మాల్యాద్రి వచ్చేసరికి శ్రావణి వెళ్ళిపోయి ఉంటుంది, ఉదయం ఆమె వచ్చేసరికి ఆయన ఉండడు. ఇద్దరూ ఒకే ఎక్సెల్ ఫైలులో పనిచేస్తారు కానీ ఒకరినొకరు చూసుకోవడం పండగలకే. కథకు అవసరమైన విషయం కనుక దీన్ని గుర్తుంచుకోండి.

ఆ ఫైలు తయారుచేసింది మాల్యాద్రే, నెల మారినప్పుడల్లా ఖాళీ పట్టీలతో కొత్త ఫైలు తెరుస్తారు. సరుకు కదలికకు అందులో మూడు పట్టీలున్నాయి. కంపెనీ నుంచి దిగిన సరుకు Inward పట్టీలో, గుంటలకు వెళ్ళిన సరుకు Outward పట్టీలో, రైతులు వెనక్కి పంపిన సరుకు Returns పట్టీలో పడుతుంది. ప్రతి పట్టీలోనూ మొదటి గడిలో తేదీ, తరువాత సరుకు పేరు, దాని తరువాత రకం, ఆపైన బస్తాల సంఖ్య, దాని పక్కన చలాను నంబరు ఉంటాయి. నాలుగో పట్టీలో ఒక్కో సరుకుకు నెల మొదటి నిల్వ వేసి, దాని పక్కన ఈ సూత్రం పెట్టాడు.

```
=B2+SUMIFS(Inward!D:D,Inward!B:B,A2)
   -SUMIFS(Outward!D:D,Outward!B:B,A2)
   +SUMIFS(Returns!D:D,Returns!B:B,A2)
```

మొదటి నిల్వకు లోపలికి వచ్చింది కలిపి, బయటికి వెళ్ళింది తీసేసి, వెనక్కి వచ్చింది కలపడమే దీని పని. రాసిన నాడు ఇందులో తప్పు లేదు, ఆ మాట నేను గట్టిగానే చెబుతాను. సూత్రం తప్పని తేలిన ప్రతిచోటా రాసినవాడికి లెక్క రాదనుకోవడం మనకు అలవాటు. చాలా గోదాముల్లో జరిగేది వేరు. సూత్రం ఉన్నచోటే ఉంటుంది, దాని కింద పని పద్ధతి మారిపోతుంది.

ఇక్కడా అలాగే మారింది. రొయ్యకు వైట్ స్పాట్ రోగం తగిలిందంటే రైతు ఆగలేడు, ఉన్నంతలో పట్టుబడి చేసి నష్టం తగ్గించుకుంటాడు. అప్పటికి గట్టు మీద మిగిలిన మేత బస్తాల్లో కుట్టు విప్పనివీ తేమ తగలనివీ ఉంటే, మేత దించడానికి వచ్చిన లారీలోనే వెనక్కి పంపుతాడు. తెల్లవారుజామున లారీ ఆ బస్తాలతో గోదాముకు చేరుతుంది. మొదట్లో మాల్యాద్రి వాటిని చిత్తు పుస్తకంలో రాసి పెట్టేవాడు. పగలు శ్రావణి ఆ పుస్తకం చూసి Returns పట్టీలో ఎక్కించేది. ఒక బస్తా, ఒక నమోదు.

కొన్నాళ్ళకు, వెనక్కి వచ్చిన బస్తాల్లో గడువు తీరిన ఒకటి మరో రైతుకు వెళ్ళిపోయి గొడవైంది. అప్పుడు యజమాని ఒక ఆజ్ఞ ఇచ్చాడు. వాపసు వచ్చిన ప్రతి బస్తాకూ బ్యాచి నంబరు, గడువు తేదీ అదే రాత్రి ఫైలులో ఎక్కాలన్నాడు. ఆజ్ఞ సబబైనదే. అయితే ఆ రెండు వివరాలకూ గళ్ళున్నది Inward పట్టీలో మాత్రమే. అందువల్ల మాల్యాద్రి ఆ రాత్రి నుంచి వాపసు బస్తాలను కూడా Inward పట్టీలోనే, రకం గడిలో RET అని వేసి, రైతు చలాను నంబరుతో సహా రాయడం మొదలుపెట్టాడు. శ్రావణి తన పని తాను మానలేదు. రైతు ఖాతాకు డబ్బు జమ చేస్తూ క్రెడిట్ నోట్ రాసినప్పుడల్లా Returns పట్టీలో ఒక వరుస వేస్తూనే ఉంది. బస్తా ఒకటే లోపలికి వచ్చింది, ఫైలులో రెండుసార్లు ఎక్కింది. సూత్రంలో మొదటి SUMIFS దాన్ని ఒకసారి కలిపింది, చివరి SUMIFS మరోసారి కలిపింది.

ఇలాంటి తప్పు ఎందుకు బయటపడదో ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. తెర మీద ఎర్రగడి రాదు, నిల్వ సున్నాకు దిగువకు పోదు, అంకె నమ్మేలాగే ఉంటుంది. అంతకన్నా పెద్ద కారణం నెలాఖరు పద్ధతిలో ఉంది. ప్రతి నెలా చివరి రాత్రి బస్తాలు చేతితో లెక్కపెట్టి, ఆ లెక్కనే మరుసటి నెల మొదటి నిల్వగా వేస్తారు. అంటే ఫైలులో పేరుకున్న తప్పు నెలకొకసారి తుడిచిపెట్టుకుపోతుంది, మళ్ళీ మొదటి నుంచి పెరుగుతుంది. ఏడాదంతా పెరుగుతూ పోయి ఉంటే ఎవరో ఒకరు ఇదేమిటని అడిగేవారు. నెలకు ముప్ఫై, నలభై బస్తాల దగ్గర ఆగిపోతుండటంతో దానికి ‘తరుగు’ అనే పేరు దొరికింది. పేరు దొరికాక కారణం వెతికేవాడు ఉండడు. గోదాములో తరుగు అంటే చిరిగిన బస్తా, ఎలుక, లేదా చేతివాటం. ఎలుకలు నలభై బస్తాలు తినవు.

అందుకే యజమాని చూపు ముఠా మీద పడింది. బస్తా రెండు వేల రూపాయల పైమాటే కనుక, నెలకు నలభై పైచిలుకు బస్తాలంటే లక్ష దగ్గరికి వచ్చే సరుకు. తరుగులో సగం ముఠా కూలి బిల్లులో కోస్తానని చెప్పి, రెండు నెలలు కోశాడు కూడా. నష్టం పేరిట కూలిలో కోత పెట్టే ముందు పనివాడి వాదన వినాలనే నియమం 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నుంచీ ఉంది. ఆ సంగతి తెలిసినవారు ఆ గోదాములో ఎవరూ లేరు. పెంచలయ్య వాదించలేదు, ఒక్కటే అడిగాడు.

“సారూ, నలభై బస్తాలంటే టన్ను సరుకు. టన్ను సరుకు జేబులో పెట్టుకుని పోతామా? బండి కావాల గదా. ఆ బండి ఏ గేటులో పోయిందో మీరే చెప్పండి.”

మాల్యాద్రి దగ్గర దీనికి జవాబు లేదు. గేటు పుస్తకంలో ప్రతి బండీ ఉంది, ప్రతి బండికీ చలాను ఉంది. ఆ నెలాఖరు రాత్రి లారీలన్నీ వెళ్ళాక ఇద్దరూ కలిసి లెక్కకు దిగారు. రెండో నంబరు మేత ప్యాలెట్ల మీద వరుసకు ఐదు చొప్పున ఎనిమిది వరుసల ఎత్తున ఉంది, అంటే ప్యాలెట్టుకు 40. నిండు ప్యాలెట్లు తొమ్మిది, విడిగా రెండు బస్తాలు, మొత్తం 362. ఫైలు చూపిస్తున్నది 410. తేడా 48.

ఇప్పుడు అంకెలు రాసుకోండి. నెల మొదటి నిల్వ 640. కంపెనీ నుంచి దిగినవి 1,200. వాపసు వచ్చి Inward లో RET అని ఎక్కినవి 34. అంటే Inward మొత్తం 1,234. బయటికి వెళ్ళినవి 1,510. Returns పట్టీ మొత్తం 46. 640కి 1,234 కలిపి 1,510 తీసేస్తే 364 వస్తుంది. దానికి 46 కలిపితే ఫైలులోని 410.

మాల్యాద్రి మొదట చేసిన పని తెలివైనది. రెండో నంబరుతో కుస్తీ పట్టకుండా మిగతా సరుకుల తేడాలు కూడా పక్కపక్కన రాశాడు. మూడో నంబరు మేతలో తేడా సున్నా. ఒకటో నంబరులో ఆరు. దొంగతనమే అయితే మూడో నంబరును ఎందుకు వదిలేస్తారు? పక్కపక్క నెట్లే, ధరలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడో నంబరుకూ మిగతావాటికీ ఉన్న భేదం వెతికితే ఒక్కటే కనిపించింది. ఆ నెల మూడో నంబరు ఒక్క బస్తా కూడా వాపసు రాలేదు. రొయ్య లేతగా ఉన్నప్పుడే రోగం తగిలిన గుంటల నుంచి ఒకటీ రెండూ నంబర్లు వెనక్కి వచ్చాయి. పెద్ద రొయ్య దాకా వచ్చిన రైతులు మూడో నంబరును ఎప్పటికప్పుడు తెప్పించుకుని వాడేశారు. తేడా అన్ని సరుకుల్లోనూ కాక ఒక తరహా కదలిక ఉన్న సరుకుల్లోనే కనిపిస్తే, ముందు ఆ కదలిక నమోదయ్యే దారిని అనుమానించాలి, మనుషులను తరువాత. నా వృత్తిలో నేను ఎక్కువగా నమ్మే పరీక్ష ఇదే.

వాపసులో ఏదో ఉందని తెలిసింది. అయితే Inward లోని RET వరుసలు కూడితే 34 వచ్చాయి, తేడా 48. రెండుసార్లు కలిసినవి 34 అయితే తేడా కూడా ఆ చుట్టుపక్కల ఉండాలి కదా? పద్నాలుగు ఎక్కడివి? ఆ రాత్రికి మాల్యాద్రి ఆ ఊహ వదిలేసి, చలానులు మళ్ళీ కూడుతూ కూర్చున్నాడు. సరైన అనుమానం వచ్చాక కూడా అంకె సరిగ్గా అతకలేదని దాన్ని పారేయడం చాలామంది చేసే పని. కొంత అతికిందంటే మిగిలినదానికి మరో కారణం ఉండవచ్చునని ఆలోచించే ఓపిక తెల్లవారుజామున మూడు గంటలకు ఎవరికి ఉంటుంది?

మరుసటి రాత్రి ఆయన మొత్తాలను పక్కనపెట్టి వరుసలకు దిగాడు. ఫైలుకు ఒక నకలు తీసి, అందులో క్రితం నెల ఫైలులోని Inward వరుసలను కూడా ఈ నెల వాటి కింద అతికించాడు. Returns పట్టీలో చివరి ఖాళీ గడిలో ఈ సూత్రం వేసి కిందిదాకా లాగాడు.

```
=COUNTIFS(Inward!E:E,E2,Inward!B:B,B2)
```

ఈ వరుసలో ఉన్న చలాను నంబరూ సరుకు పేరూ Inward పట్టీలో కూడా కలిసి ఎన్నిసార్లు ఉన్నాయో ఇది చెబుతుంది. ఒకే చలాను మీద ఒకటో నంబరూ రెండో నంబరూ రావచ్చు కనుక సరుకు పేరు కూడా పెట్టక తప్పదు. సున్నా వస్తే ఆ వాపసు Returns లో మాత్రమే ఉన్నట్టు, ఒకటి వస్తే రెండుచోట్లా ఉన్నట్టు. కిందిదాకా అన్నీ ఒకట్లే వచ్చాయి, ఒక్క వరుసలో తప్ప. ఆ సున్నాను చూసి సంతోషపడబోయి, చలాను నంబరు మీద నొక్కి చూస్తే చివర ఒక ఖాళీ పడి ఉంది. అది తీసేయగానే అక్కడా ఒకటే వచ్చింది. ఇలాంటి పరీక్షల్లో సున్నాలను కంటితో చూడకుండా నమ్మకూడదు.

ఆ తరువాత తేదీలు చూశాడు. Returns లోని 46 బస్తాల్లో 12 బస్తాలకు Inward లో ఉన్న తేదీ ఈ నెలది కాదు, క్రితం నెల చివరి వారంది. ఆ బస్తాలు గోదాముకు చేరింది అప్పుడు, శ్రావణి క్రెడిట్ నోట్ రాసింది ఈ నెల మొదట్లో. చేరిన నెల చివర వాటిని చేత్తో లెక్కపెట్టారు కనుక అవి 640 బస్తాల మొదటి నిల్వలోనే ఉన్నాయి. ఇప్పుడు కాగితం ఆలస్యంగా రావడంతో మళ్ళీ కలిశాయి. మిగిలిన 34 ఈ నెలవే. అవి Inward లో ఒకసారి, Returns లో ఒకసారి కలిశాయి. 34కు 12 కలిపితే 46. తేడా 48లో ఇంకా రెండు మిగిలాయి. ఆ రెండు బస్తాలు దింపేటప్పుడు కొక్కెం తగిలి చిరిగినట్టు గోదాము పుస్తకంలో పెంచలయ్య వేలిముద్రతో సహా ఉంది, వాటిని ఫైలులో తగ్గించడమే మరిచారు.

ఇక్కడ తెలుసుకోవలసినది ఏమిటంటే, అదనంగా కలిసిన సంఖ్య ఎప్పుడూ Returns పట్టీ మొత్తానికే సమానం, ఆ నెల నిజంగా వెనక్కి వచ్చిన బస్తాల సంఖ్యకు కాదు. నెల చివర వచ్చిన వాపసుల కాగితం మరుసటి నెలకు జారుతున్నంత కాలం ఈ రెండూ కలవవు, కలవనంత కాలం వెతికేవాడికి దారి తప్పుతుంది.

సరిదిద్దడానికి రెండు దారులున్నాయి. Inward కూడికలో RET వరుసలు వదిలేసి Returns ను ఉంచవచ్చు. లేదా Returns ను సూత్రం నుంచి తీసేసి Inward ను యథాతథంగా ఉంచవచ్చు. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ మొదటి దారిలో, క్రెడిట్ నోట్ రాసేదాకా గోదాములో ఉన్న బస్తా ఫైలులో కనిపించదు. క్రెడిట్ నోట్ డబ్బుకు సంబంధించిన కాగితం. నిల్వ అంకె బస్తా గేటు దాటినప్పుడు మారాలి. అందుకని మాల్యాద్రి చివరి SUMIFS తీసేశాడు. తేమ తగిలి అమ్మకానికి పనికిరాని వాపసు బస్తాలను Inward లో రాయకుండా వేరే పట్టీలో పెట్టాలనే నియమం కూడా అప్పుడే చేర్చాల్సి వచ్చింది. లేకపోతే అవీ అమ్మే నిల్వలో కలిసిపోతాయి. పాత నెలల ఫైళ్ళకు ఈ కొత్త సూత్రం అంటించకూడదు. యజమాని ఆజ్ఞకు ముందు నెలల్లో వాపసు Returns లో మాత్రమే ఉంది, అక్కడ పాత సూత్రమే సరైనది.

ఉదయం యజమాని రాగానే మాల్యాద్రి ఆ అంకెలు ముందు పెట్టాడు. సూత్రం తనదేననీ, పద్ధతి మారినప్పుడు దాన్ని తిరిగి చూడలేదనీ చెప్పాడు. యజమాని కాసేపు చిరాకు పడి, ముఠాకు కోసిన రెండు నెలల లెక్కలూ తిరగవేయమన్నాడు. ఈ సంభాషణను పొడిగించను, మీరందరూ ఇలాంటివి చూసే ఉంటారు. తిరగవేసిన లెక్కల్లో తేలినదే ఎక్కువ ఆసక్తికరం.

మొదటి నెల తరుగు 44 అని కోశారు. Returns మొత్తం కూడా సరిగ్గా 44. ముఠాకు ఆ డబ్బు పూర్తిగా తిరిగి రావాలి. రెండో నెల తరుగు 41 అని కోశారు, కానీ ఆ నెల Returns మొత్తం 46. అంటే సరిచేసిన లెక్క ప్రకారం ఆ నెలాఖరుకు గోదాములో ఉండవలసిన దానికన్నా ఐదు బస్తాలు ఎక్కువున్నాయి. తప్పు సూత్రం నలభై ఒకటి తక్కువని అరుస్తుంటే, ఈ ఐదు ఎక్కువ దాని కింద కనిపించకుండా పోయింది. ఇది తరుగు కన్నా తీవ్రమైన సంగతి. బయటికి వెళ్ళినట్టు Outward లో రాసి, డబ్బు తీసుకుని, లారీలోకి ఎక్కించని బస్తాలు ఎక్కడో ఉన్నాయన్నమాట.

పెంచలయ్యకు చప్పున గుర్తొచ్చింది. “అల్లూరు ఆయన ఐదు తక్కువొచ్చాయని ఫోన్ చేశాడు గదా సారూ. మీరు చలానులో సంతకం ఉందన్నారు.”

సంతకం ఉన్న మాట నిజమే. అర్ధరాత్రి వర్షంలో డ్రైవరు టార్చి వెలుగులో పెట్టించుకున్న సంతకం అది. గోదాములో తరుగుందని అందరూ నమ్ముతున్న నెలలో, తనకు తక్కువ వచ్చాయని చెప్పిన రైతు మాట ఎవరూ వినలేదు. ముఠాకు కోసిన డబ్బు ఆ వారం బిల్లులోనే కలిపి ఇచ్చారు. అల్లూరు రైతుకు ఐదు బస్తాలు, కొత్త బ్యాచివి, పంపాలని నిర్ణయించారు.

ఆ రాత్రి లారీ ఎక్కించాక మాల్యాద్రికి ఒక ప్రశ్న వచ్చింది. ఈ ఐదూ Outward లో రాయాలా, వద్దా? రెండు నెలల క్రితమే వెళ్ళినట్టు రాసి ఉంది కదా, మళ్ళీ రాస్తే ఒకే బస్తాను రెండుసార్లు తీసేసినట్టు కాదా? సూత్రం దెబ్బ తిన్న మనిషికి ఈ భయం సహజం. మీరూ ఒక నిమిషం ఆలోచించి చూడండి. పాత నమోదు ప్రభావం ఆ నెలాఖరు లెక్కతోనే ముగిసింది. ఆ రాత్రి చేత్తో లెక్కపెట్టినప్పుడు ఆ ఐదు బస్తాలు నెట్టు మీదే ఉన్నాయి కనుక మరుసటి నెల మొదటి నిల్వలోకి వచ్చేశాయి, అప్పటి నుంచీ ఫైలులో ఉన్నాయి. ఇప్పుడు గేటు దాటుతున్నాయి కనుక ఇప్పుడు తీసేయాలి. బిల్లు మాత్రం మళ్ళీ వేయకూడదు. ఆయన Outward లో తేదీ వేసి, రెండో నంబరు, ఐదు బస్తాలు అని రాసి, రకం గడిలో పాత బాకీ అని పెట్టాడు. చలాను నంబరు గడిలో రెండు నెలల క్రితం నాటి నంబరే వేస్తే ఒకే చలాను నంబరు రెండుసార్లు పడిందేమోనని పాత నెలలతో కలిపి శ్రావణి చేసే పరీక్షలో అది బయటపడుతుందని గుర్తొచ్చి, దాన్ని చెరిపి కొత్త చలాను రాశాడు. ఎందుకలా రాశాడో ఒక కాగితం మీద వివరించి, ఉదయం ఎనిమిదిన్నర దాకా ఆగి, ఆ కాగితం శ్రావణి చేతికిచ్చి ఇంటికి వెళ్ళాడు.